నేటి కరెంట్ అఫైర్స్: 25 ఆగస్టు 2023, శుక్రవారం

ముందుగా ఒక సవరణ. నిన్నటి పోస్టులో చంద్రయాన్-3 ప్రయోగ తేదీ జూలై 15 అని వేశాం. అది తప్పు, జూలై 14 సరైనది. 2019లో చంద్రయాన్-2ను మొదట జూలై 15న పంపాలనుకుని, చివరి గంటలో ఆపి, 22న ప్రయోగించారు. ఆ పాత తేదీ ఇక్కడ దూరింది. నోట్సులో రాసుకున్నవారు ఇప్పుడే దిద్దుకోండి.

🔴 చంద్రయాన్-3

23న సాయంత్రం 6.04కు విక్రమ్ ల్యాండర్ చంద్రుడిపై దిగింది. ఆ తర్వాత అందులోంచి ప్రజ్ఞాన్ రోవర్ బయటికి వచ్చింది. శ్రీహరికోట నుంచి తీసుకెళ్లిన రాకెట్ ఎల్వీఎం3-ఎం4. ఇస్రో చైర్మన్ ఎస్.సోమనాథ్, ప్రాజెక్ట్ డైరెక్టర్ పి.వీరముత్తువేల్.

చంద్రుడిపై సురక్షితంగా దిగిన దేశాల్లో మనది నాలుగోది. సోవియట్ యూనియన్, అమెరికా రెండూ 1966లో, చైనా 2013లో దిగాయి. దక్షిణ ధ్రువ ప్రాంతానికి వెళ్లిన వాటిలో మాత్రం మనదే మొదటిది. ‘ప్రాంతం’ అన్న మాట వదిలేయకండి. దిగిన చోటు సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది, సరిగ్గా ధ్రువం మీద కాదు. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఈ ఒక్క మాట తీసేసి తప్పు ఆప్షన్ తయారుచేస్తారు. రష్యా లూనా-25 కూడా అటే బయలుదేరి 19న కూలిపోయింది.

ల్యాండర్, రోవర్ల ఆయుష్షు 14 రోజులే ఎందుకు? రెండూ సౌరశక్తితో నడుస్తాయి. చంద్రుడిపై ఒక పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు. సూర్యుడు అస్తమిస్తే కరెంటూ ఉండదు, చలీ భరించలేనిది.

🎬 69వ జాతీయ చలనచిత్ర అవార్డులు

నిన్న సాయంత్రం ప్రకటించారు. తెలుగువారికి పండగ, అభ్యర్థులకు గండం. ఎందుకంటే అన్నీ తెలిసిన పేర్లే, అందుకే కలగాపులగం అవుతాయి.

‘పుష్ప’కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు. ఈ అవార్డు అందుకోనున్న తొలి తెలుగు నటుడు ఈయనే. ఉత్తమ నటి అవార్డు ఇద్దరికి: ఆలియా భట్ (గంగూబాయి కాఠియావాడి), కృతి సనన్ (మిమీ). ఉత్తమ చిత్రం ‘రాకెట్రీ’, ఉత్తమ తెలుగు చిత్రం ‘ఉప్పెన’. ‘ఆర్ఆర్ఆర్’కు ఆరు అవార్డులు. వాటిలో ఒకటి వినోదాత్మక జనాదరణ చిత్రం కాగా, మరొకటి ‘కొమురం భీముడో’ పాడిన కాలభైరవది.

ఇక ఉచ్చు ఇక్కడుంది. చంద్రబోస్‌కు ఆస్కార్ ‘నాటు నాటు’కు వచ్చింది, జాతీయ అవార్డు మాత్రం ‘కొండపొలం’ పాటకు. కీరవాణికి ఈసారి నేపథ్య సంగీతానికి ఇచ్చారు, పాటల సంగీతానికి అవార్డు దేవిశ్రీ ప్రసాద్‌ది (పుష్ప). ఇంకొకటి: ఇవి 2021 సంవత్సరపు అవార్డులు. ‘ఆర్ఆర్ఆర్’ 2022లో విడుదలైంది కదా అంటారేమో, లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీది.

🌍 అంతర్జాతీయం

జోహన్నెస్‌బర్గ్‌లో 15వ బ్రిక్స్ సదస్సు నిన్న ముగిసింది. అర్జెంటీనా, ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, సౌదీ అరేబియా, యూఏఈలను ఆహ్వానించారు. సభ్యత్వం 2024 జనవరి 1 నుంచి. ఇండోనేసియా ఈ జాబితాలో లేదు. తొలి సదస్సు 2009లో రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్‌లో జరిగింది, దక్షిణాఫ్రికా ఆ తర్వాతే చేరింది.

ఫుకుషిమా అణు కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని జపాన్ నిన్నటి నుంచి పసిఫిక్‌లోకి వదులుతోంది. చైనా వెంటనే జపాన్ సముద్ర ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. శుద్ధిలో పోనిది ట్రిటియం. హైడ్రోజన్ ఐసోటోపు కాబట్టి నీటి అణువులోనే ఉండిపోతుంది, వడపోతకు దొరకదు. సైన్స్ బిట్‌కు ఇంతకన్నా మంచి సరుకు ఈ వారంలో లేదు.

♟️ క్రీడలు

బాకులో చెస్ ప్రపంచ కప్ ఫైనల్లో కార్ల్‌సన్ చేతిలో 18 ఏళ్ల ప్రజ్ఞానంద టైబ్రేక్‌లో ఓడిపోయాడు. ఆనంద్ తర్వాత ఈ ఫైనల్ చేరిన భారతీయుడు ఇతనే. కార్ల్‌సన్‌కు ఇది తొలి ప్రపంచ కప్. ప్రపంచ చాంపియన్‌షిప్ వేరు, ప్రపంచ కప్ వేరు.

ఎన్నికలు సకాలంలో జరపనందుకు భారత రెజ్లింగ్ సమాఖ్య సభ్యత్వాన్ని ప్రపంచ సంస్థ యూడబ్ల్యూడబ్ల్యూ సస్పెండ్ చేసింది.

📝 నేటి ప్రశ్న

కింది వాటిలో సరికానిది ఏది?
1. చంద్రుడిపై దిగిన నాలుగో దేశం భారత్
2. ‘ఆర్ఆర్ఆర్’ పాటకు చంద్రబోస్‌కు 69వ జాతీయ అవార్డు వచ్చింది
3. 15వ బ్రిక్స్ సదస్సు దక్షిణాఫ్రికాలో జరిగింది
4. చెస్ ప్రపంచ కప్ ఫైనల్ అజర్‌బైజాన్‌లో జరిగింది

జవాబు రాత్రి 9 గంటలకు. పైకి వెళ్లి చూడకుండా రాయండి.