‘తిన్నావా’ 82 బైట్లు ఎలా అయింది?

శుక్రవారం నెట్‌వర్క్స్ క్లాసుకి నువ్వు రాలేదు కాబట్టి నా నోట్సే నీకోసం మళ్లీ రాస్తున్నా. ఓఎస్ఐ ఏడు పొరల పేర్లు బస్సులో కూర్చుని బట్టీ పట్టొచ్చు. ఇంటర్నల్స్‌లో మార్కులు పోయేది మాత్రం ఏ పొర ఏం తగిలిస్తుందో రాయలేకే.

ల్యాబ్‌లో పైథాన్‌తో రాసిన చాట్ ప్రోగ్రామ్ ఉంది కదా, దాన్నే తీసుకుందాం. చెన్నై నుంచి నెల్లూరులో మా అన్నయ్యకి ‘తిన్నావా’ అని పంపాననుకో.

పై మూడు పొరలు అప్లికేషన్, ప్రెజెంటేషన్, సెషన్. అసలు నెట్‌వర్క్‌లో ఈ మూడింటి పనీ ప్రోగ్రామే చేసుకుంటుంది. పరీక్షలో మాత్రం విడివిడిగా రాయి, లేకపోతే సార్ ఊరుకోరు. ‘తిన్నావా’ను యూటీఎఫ్-8లోకి మార్చడం ప్రెజెంటేషన్ పని. త, ఇత్వం, న, పొల్లు, న, దీర్ఘం, వ, దీర్ఘం: మొత్తం ఎనిమిది. ఒక్కోటి 3 బైట్లు, అంటే 24.

ట్రాన్స్‌పోర్ట్ దగ్గర టీసీపీ 20 బైట్ల హెడర్ పెడుతుంది. అందులో రెండు వైపుల పోర్ట్ నంబర్లు, సీక్వెన్స్ నంబర్, చెక్‌సమ్ ఉంటాయి. ఇప్పుడు 44. నెట్‌వర్క్ పొర ఐపీ హెడర్ ఇంకో 20 కలుపుతుంది: పంపేవాడి అడ్రస్, అందుకునేవాడి అడ్రస్, ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే టీటీఎల్. 64 అయింది.

డేటా లింక్ ఒక్కటే ముందూ వెనకా రెండు చోట్లా తగిలిస్తుంది. ముందు మ్యాక్ అడ్రస్‌లతో 14, చివర తప్పులు పట్టే ఎఫ్‌సీఎస్ 4.

```
[Ethernet 14][IP 20][TCP 20][తిన్నావా 24][FCS 4] = 82
```

ఫిజికల్ పొరకి ఇవన్నీ ఒట్టి బిట్లే, 656. వాటిని తీగ మీదకి తోస్తుంది.

నేను క్లాసులో తికమకపడింది ఇక్కడే. దారిలో ప్రతి రూటర్ దగ్గరా ఈథర్నెట్ తొడుగు ఊడిపోయి కొత్తది పడుతుంది, టీటీఎల్ ఒకటి తగ్గుతుంది. లోపలి ఐపీ అడ్రస్‌లు మాత్రం అవే (దారిలో అడ్రస్‌లు మార్చే న్యాట్ సంగతి వచ్చే వారం). అమ్మ పంపే గోంగూర పచ్చడి మాధవరంలో ఆంధ్రా బస్సు దిగి సిటీ బస్సు ఎక్కుతుంది కదా, అట్టపెట్టె మీద నా అడ్రస్ మారదు. అలాగే.

అన్నయ్య ‘ఆ’ అని జవాబిస్తే? 3 బైట్లు, రెండు హెడర్లతో 43. ఈథర్నెట్ లోపల కనీసం 46 ఉండాలి కాబట్టి 3 సున్నా బైట్లు కలిపి నింపుతుంది.

వైర్‌షార్క్‌లో ‘తిన్నావా’ నీకు 82గా కనిపించకపోతే టెన్షన్ పడకు. మామూలుగా అది ఎఫ్‌సీఎస్‌ని చూపించదు, కాబట్టి 78 రావాలి. మన ల్యాబ్ లైనక్స్‌లో నాకు 90 వచ్చింది. ఆ 12 టీసీపీ హెడర్‌లో అదనంగా చేరిన టైమ్‌స్టాంప్ ఆప్షన్‌వి.