మీ రాజీనామా గురించి మా ప్రతిపాదన

తేదీ: 10 జూన్ 2026
జీడిమెట్ల

స్వాతి గారికి,

జూన్ 8న మీరిచ్చిన రాజీనామా అందింది. మంగళవారం మనం మాట్లాడుకున్న విషయాలు మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను. మీరు ఇక్కడే కొనసాగాలని మా గట్టి కోరిక. అందుకే ఈ ఉత్తరం.

మార్చిలో స్టెబిలిటీ శాంపిల్ డిసల్యూషన్ ఫలితం లిమిట్ తప్పినప్పుడు, ఇంకోసారి టెస్ట్ చేసి పాస్ అనిపిద్దామన్నవాళ్లకు మీరు ఒప్పుకోలేదు. బ్యాచ్ ఆపించారు. మీడియా డీగ్యాసింగ్ సరిగా జరగలేదని లాగ్‌బుక్ తెరిచి రుజువు చేశాకే రీటెస్ట్‌కు సంతకం పెట్టారు. సెప్టెంబర్‌లో ఆడిట్ ఉంది, నిజమే. కానీ మిమ్మల్ని ఉండమంటున్నది దానికోసమే కాదు. అలా నిలబడే మనిషి ల్యాబ్‌లో ఉండాలి.

జీతం: జూలై 1 నుంచి మీ సీటీసీ ఏడాదికి 14.4 లక్షల నుంచి 17.6 లక్షలకు పెరుగుతుంది. పెంపు మొత్తం ఫిక్స్‌డ్ పేలోనే ఉంటుంది. ఏప్రిల్ ఇంక్రిమెంట్‌లో దీన్ని మినహాయించుకోం. అవతలి కంపెనీ ఇస్తానన్న 18.5 లక్షలకు ఇది తక్కువేనని తెలుసు. మా గ్రేడ్‌లో ఇంతకు మించి ఇవ్వలేం.

డబ్బుతోనే తీరే సమస్య కాదని మీరు స్పష్టంగా చెప్పారు. రాత్రి రెండింటికి హెచ్‌పీఎల్‌సీ ఆగినా ఫోన్ మీకే వస్తోంది, పొద్దున బ్యాచ్ రిలీజ్ రివ్యూ కూడా మీదే. ఇక అలా ఉండదు. జూలై 1 నుంచి మీరు క్యూసీ మేనేజర్. రొటీన్ రివ్యూ ఇద్దరు సెక్షన్ హెడ్‌లు చూస్తారు. మీ చేతిలో ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్లు, మెథడ్ ట్రాన్స్‌ఫర్ పనులు ఉంటాయి. నైట్ కాల్స్ నలుగురికి వంతులవారీగా పడతాయి, మీ వంతు నాలుగు వారాలకోసారి. ఇద్దరు కొత్త అనలిస్టుల నియామకానికి అనుమతి వచ్చింది, ఆగస్టు 31లోగా చేర్చుకుంటాం.

మీరడిగిన అనలిటికల్ డెవలప్‌మెంట్ బదిలీ మాత్రం ఈ ఏడాది కుదరదు. అక్కడ ఖాళీ లేదు. ఆశ పెట్టి ఆపడం నాకిష్టం లేదు. వచ్చే ఏప్రిల్‌లో ఖాళీ ఏర్పడితే ముందు మిమ్మల్నే అడుగుతాం.

జూన్ 16, మంగళవారం సాయంత్రం 5 గంటల్లోపు మీ నిర్ణయం నాకు మెయిల్‌లో తెలపండి. అవతలివాళ్లకు మీరు మాటివ్వాలి, మేమూ మీ స్థానంలో మనిషిని వెతుక్కోవాలి కాబట్టి ఈ గడువు పొడిగించలేం. ఉంటానంటే, ఈ మార్పులన్నీ రాసిన సవరణ లెటర్ సంతకాలతో మర్నాడే ఇస్తాం. అది చేతికందాకే రాజీనామా వెనక్కి తీసుకోండి. గడువులోపు జవాబు రాకపోతే ఈ ప్రతిపాదన రద్దవుతుంది, రాజీనామా ఆమోదిస్తాం. రెండు నెలల నోటీసు ప్రకారం ఆగస్టు 7 మీ చివరి పనిదినం అవుతుంది.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్, ఫైనల్ సెటిల్‌మెంట్ ఏదీ ఆలస్యం కానివ్వను. ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడుకోండి. ఏ అనుమానం ఉన్నా ఈలోగా నేరుగా నాకే ఫోన్ చేయండి.

ఇట్లు,
ప్లాంట్ హెడ్
ఫార్ములేషన్స్ యూనిట్, జీడిమెట్ల