పర్యావరణ చట్టం: ప్రశ్న 6కు జవాబు

ప్రశ్న: 'క' అనే పెద్ద బల్క్ డ్రగ్ కంపెనీ నది ఒడ్డున ఉంది. 2024 జులైలో భారీ వర్షానికి దాని వ్యర్థ జలాల చెరువు కట్ట తెగి, విషపు నీరు నదిలో కలిసింది. అంతకుముందు 60 రోజులుగా శుద్ధి చేయని నీటిని భూగర్భ పైపు ద్వారా నదిలోకి వదులుతున్నట్టు తనిఖీలో తేలింది. మూడు గ్రామాల్లో 340 ఎకరాల వరి ఎండిపోయింది, గొర్రెలు చచ్చిపోయాయి, చేపలు పట్టేవారు పని కోల్పోయారు, బోర్లు పాడయ్యాయి. కాలుష్య నియంత్రణ మండలి విధించిన 18 లక్షల రూపాయలను కంపెనీ చెల్లించింది. ఇక తాము ఏమీ ఇవ్వనక్కర్లేదని, కట్ట తెగడం దైవిక ఘటన అని, ఎగువన మరో రెండు ఫ్యాక్టరీలు కూడా నీరు వదులుతాయని కంపెనీ వాదిస్తోంది. కాలుష్య కారకుడే చెల్లించాలనే సూత్రాన్ని వివరించి, గ్రామస్థులకు సలహా ఇవ్వండి.

జవాబు:

ఈ సమస్యలో మూడు లెక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. చట్టాన్ని ఉల్లంఘించినందుకు కట్టేది ఒకటి, మనుషులకు జరిగిన నష్టానికి ఇచ్చేది ఒకటి, నదిని మళ్లీ బాగుచేయడానికి అయ్యేది ఒకటి. కంపెనీ మొదటి లెక్క కట్టి మూడూ తీరిపోయాయంటోంది. చట్టం దాన్ని ఒప్పుకోదని నా అభిప్రాయం.

ఈ సూత్రం మొదట ఆర్థిక శాస్త్రం నుంచి వచ్చింది. 1972లో ఎక్కువగా అభివృద్ధి చెందిన దేశాలున్న ఓఈసీడీ కూటమి దేశాలు దీన్ని సిఫారసు చేసినప్పుడు, కాలుష్యాన్ని నివారించే ఖర్చు సరుకు ధరలోనే కలవాలని, దాన్ని ప్రభుత్వం సబ్సిడీగా భరించకూడదని వాటి ఉద్దేశం. 1992 నాటి రియో ప్రకటన 16వ సూత్రం కూడా ఈ ఖర్చును కాలుష్య కారకుడే భరించాలంటుంది. జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలన్న అర్థాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టింది మాత్రం సుప్రీంకోర్టే.

అందులో మొదట చెప్పుకోవాల్సింది 1996 నాటి ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ కేసు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ గ్రామంలో రంగుల తయారీలో వాడే హెచ్-యాసిడ్ తయారుచేసిన యూనిట్లు మూతపడ్డాయి కానీ, వేల టన్నుల విషపు బురద అక్కడే మిగిలింది. అది వానకు భూమిలోకి ఇంకి బావుల నీటి రంగు మార్చింది. జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ధర్మాసనం రెండు మాటలు తేల్చింది. ప్రమాదకరమైన పని చేసేవాడు ఎంత జాగ్రత్త తీసుకున్నా, దాని వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి బాధ్యుడే. ఆ నష్టం పూడ్చడంతో పాటు, పాడైన నేలను, నీటిని బాగుచేసే ఖర్చు కూడా అతనిదే. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లోని 3, 5 సెక్షన్ల కింద కేంద్రం ఆ ఖర్చు వసూలు చేయవచ్చని చెప్పింది. బిచ్రీలో దెబ్బతిన్నది భూగర్భ జలమే కాబట్టి, మన సమస్యలోని బోర్లకు ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది.

అదే ఏడాది వచ్చిన వెల్లూర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసు మన సమస్యకు ఇంకా దగ్గరిది. కర్ణాటకలో పుట్టి, మన చిత్తూరు జిల్లా మీదుగా తమిళనాడులోకి వెళ్లే పాలార్ నదిలోకి తోళ్ల శుద్ధి కర్మాగారాలు వ్యర్థ జలాలు వదిలాయి. ఆ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందని కోర్టు ముందుకు వచ్చింది. తోళ్ల పరిశ్రమ తెచ్చే విదేశీ మారకం, ఉపాధి ముఖ్యమేనని కోర్టు ఒప్పుకుంది. అయినా ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్య కారకుడే చెల్లించాలనే సూత్రం దేశ చట్టంలో భాగమని, వాటి మూలాలు రాజ్యాంగంలోని 21, 48ఎ, 51ఎ(జి) అధికరణల్లో ఉన్నాయని చెప్పింది. తన పని వల్ల హాని లేదని రుజువు చేసుకునే భారం పరిశ్రమ మీదే పెట్టింది. ఈ చివరి మాట గ్రామస్థులకు పెద్ద బలం. హైదరాబాద్ తాగునీటి జలాశయాలైన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ల విషయంలో వచ్చిన ఎం.వి. నాయుడు కేసు (1999) కూడా రుజువు భారాన్ని ఇలాగే పరిశ్రమ వైపు తిప్పింది. శాస్త్రం తెలిసింది కంపెనీకి, పైపులు ఎటు పోతున్నాయో తెలిసింది కంపెనీకి. వరి రైతును ల్యాబ్ రిపోర్టు పట్టుకురమ్మనడం న్యాయం కాదు.

ఇక కంపెనీ వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

దైవిక ఘటన వాదన: తప్పు లేకపోయినా నష్టానికి బాధ్యత వహించాలనే, రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ (1868) నుంచి వచ్చిన కఠిన బాధ్యతకు దైవిక ఘటన వంటి మినహాయింపులు ఉన్నాయి. కానీ ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో (ఎం.సి. మెహతా, 1987) సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని తెచ్చింది. ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులేవీ వర్తించవంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010 సెక్షన్ 17(3) కూడా ప్రమాదం జరిగినప్పుడు తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా బాధ్యత నిర్ణయించమంటుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, కట్ట తెగక ముందు 60 రోజులు పైపులో నీరు పంపింది వాన కాదు. జులైలో వాన వస్తుందని మన ఊళ్లలో ఎవరికైనా తెలుసు. ఆ మాత్రం వానకు తట్టుకునేలా కట్ట వేయకపోవడం దైవం మీద నెట్టేసే విషయం కాదు.

ఎగువ ఫ్యాక్టరీల వాదన: నష్టం ఏ ఒక్క కార్యకలాపం వల్లో చెప్పలేనప్పుడు, అనేకుల చర్యల ఫలితమైనప్పుడు, ట్రిబ్యునల్ న్యాయబద్ధంగా బాధ్యతను పంచవచ్చని సెక్షన్ 17(2) చెబుతుంది. కాబట్టి ఈ వాదనతో కంపెనీ వాటా తగ్గవచ్చేమో కానీ, కంపెనీ బయటపడదు. గ్రామస్థులు ఆ రెండు ఫ్యాక్టరీలను కూడా ప్రతివాదులుగా చేర్చాలి. చేర్చకపోతే కంపెనీ ప్రతి వాయిదాలోనూ వాటి పేరే చెబుతుంది.

18 లక్షల వాదన: దీని మీద కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే రైతులు నష్టపోయేది ఇక్కడే. మండలి ఆ మొత్తాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రంతో వేసినట్టుంది:

```
EC = PI × N × R × S × LF
   = 80 × 60 × 250 × 1.5 × 1
   = 18,00,000
```

ఎక్కువ కాలుష్యం చేసే రెడ్ కేటగిరీకి 80, ఉల్లంఘన జరిగిన రోజులు 60, రూపాయల గుణకం 250, పెద్ద పరిశ్రమకు 1.5, పది లక్షల లోపు జనాభా ఉన్న చోటుకు 1. ఇందులో ఒక్క ఎకరం గానీ, ఒక్క గొర్రె గానీ లేదు. ఇది ఉల్లంఘన ఎన్ని రోజులు సాగిందో కొలుస్తుంది, నష్టం ఎంతో కొలవదు. ఈ 18 లక్షలను 340 ఎకరాలకు పంచినా ఎకరానికి 5,300 రూపాయలు రావు. పైగా ఆ డబ్బు రైతు చేతికి చేరేది కూడా కాదు. ఢిల్లీ పొల్యూషన్ కంట్రోల్ కమిటీ వర్సెస్ లోధి ప్రాపర్టీ కేసులో (2025) జల చట్టం, 1974 సెక్షన్ 33ఎ కింద మండళ్లు నష్టపరిహారం విధించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది, దాన్ని శిక్షగా వేసే జరిమానా నుంచి వేరుచేసి చూపింది. మండలి తన అధికారం వాడినంత మాత్రాన బాధితుల హక్కు పోదు. హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 15 కింద ట్రిబ్యునల్‌కున్న అధికారం వేరేది. కంపెనీ డబ్బు పడేసి కాలుష్యం చేసుకోవడానికి కాలుష్య కారకుడే చెల్లించాలనే సూత్రం లైసెన్స్ కాదు.

గ్రామస్థులకు నా సలహా ఇది. సెక్షన్ 15 కింద చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ప్రాంత ధర్మాసనం ముందు దరఖాస్తు వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దాని పరిధిలోవే. కారణం తలెత్తిన రోజు నుంచి 5 ఏళ్ల గడువు ఉంది, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 2024 జులై నుంచి లెక్కిస్తే 2029 జులై వరకు సమయం ఉన్నా, ఆలస్యం చేస్తే సాక్ష్యం నదిలో కొట్టుకుపోతుంది. సెక్షన్ 29 వల్ల సివిల్ కోర్టులో ఈ పరిహారం దావా నడవదు.

ఆ చట్టం రెండో షెడ్యూల్‌లోని పద్దుల ప్రకారం విడివిడిగా అడగాలి. పంట, గొర్రెల నష్టం వాటికి సంబంధించిన పద్దుల కింద, చేపలు పట్టేవారి సంపాదన ఉపాధి నష్టం కింద, ఒళ్లు పాడైనవారికి వైద్య ఖర్చులు వేరుగా. సెక్షన్ 15 ఆస్తి పునరుద్ధరణను, పర్యావరణ పునరుద్ధరణను కూడా వేర్వేరు ఉపశమనాలుగా చెప్పింది. కాబట్టి నది అడుగు మట్టి తీసి శుద్ధి చేయడం, బోర్లు బాగయ్యే వరకు తాగునీరు ఇవ్వడం తప్పకుండా అడగాలి. రైతులు తమ డబ్బు తీసుకుని రాజీపడితే నది లెక్క అలాగే ఉండిపోతుంది, వచ్చే పంటకు అదే నీరు పెట్టాల్సి వస్తుంది.

ఒక బలహీనత కూడా ఒప్పుకోవాలి. దీపక్ నైట్రైట్ కేసులో (2004) సుప్రీంకోర్టు, ప్రమాణాలు ఉల్లంఘించినంత మాత్రాన పర్యావరణం దెబ్బతిన్నట్టు అనుకోలేమని, పరిహారానికి జరిగిన హానితో సంబంధం ఉండాలని చెప్పింది. కంపెనీ లాయరు ఈ తీర్పును తప్పక తెస్తాడు. అందుకే రుజువు భారం కంపెనీదే అని చేతులు కట్టుకు కూర్చోకూడదు. పహాణీ నకళ్లు, గొర్రెలకు పశువైద్యుడు ఇచ్చిన పోస్టుమార్టం రిపోర్టు, ఎగువన, దిగువన తీసిన నీటి నమూనాలు, అంతకుముందు రెండేళ్ల ధాన్యం అమ్మకం రసీదులు సేకరించాలి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరిన కేసులో రైతుల నష్టాన్ని లెక్కగట్టే పని జిల్లా జడ్జికి అప్పగించారు. అలాంటి స్థానిక విచారణనే ఇక్కడా కోరవచ్చు.

చివరగా వసూలు విషయం. బిచ్రీలో పునరుద్ధరణకు 37.385 కోట్లు అవుతుందని తేలినా, కంపెనీలు పిటిషన్ మీద పిటిషన్ వేసి ఏళ్ల తరబడి కట్టలేదు. 2011లో సుప్రీంకోర్టు 12 శాతం చక్రవడ్డీతో చెల్లించమంది. వెల్లూరులో 1996లో గెలిచిన వాళ్ల కోసం 2025 జనవరిలోనూ సుప్రీంకోర్టు ఆదేశాలివ్వాల్సి వచ్చింది. పరిహారం అందని కుటుంబాలకు ప్రభుత్వం ముందు చెల్లించి, తర్వాత కాలుష్య కారకుల నుంచి రాబట్టుకోవాలంది. కాబట్టి మన గ్రామస్థులు రాష్ట్ర ప్రభుత్వాన్ని కూడా ప్రతివాదిగా చేర్చాలి. కంపెనీ ఆస్తులు అమ్మేయకుండా మధ్యంతర ఉత్తర్వు కోరాలి. ఉత్తర్వు వచ్చాక సెక్షన్ 25 కింద దాన్ని సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. అప్పటివరకు ఆ మూడు ఊళ్లకు తాగునీరు ట్యాంకర్లతో ఇవ్వాలని, ఆ ఖర్చును కంపెనీ ఖాతాలో రాయాలని మొదటి వాయిదాలోనే అడగాలి.