నా ప్లేటు, ఈ ప్లేటు నాది
(నాలుగు, ఐదు తరగతుల ఇంగ్లిష్ పాఠం: మై, మైన్)

మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే మన బడి వరండాలో రోజూ వినిపించే పంచాయితీ ఇది.

"గీ ప్లేటు ఎవలిది?"
"నాది!"
"నీది గాదు. నా ప్లేటుకు అంచు మీద పేరుంటది, సూడు!"

స్టీలు ప్లేట్లన్నీ ఒక్క తీరుగనే ఉంటాయి కదా. అందుకే గిన్నెల దుకాణంలో అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకుంటాం. పేరు చదివితే పంచాయితీ తెగిపోతుంది. మనకు మాత్రం ఆ పంచాయితీలోని రెండు మాటలు కావాలి: నా, నాది.

"నా" అని ఊరుకుంటే ఎవరికైనా అర్థమవుతుందా? "నా ఏందిరా?" అని అడుగుతారు. నా ప్లేటు, నా పలక, నా చెల్లె అని వెనకాల ఏదో ఒకటి రావాలి. "నాది" అట్ల కాదు. ఒక్క మాటతోనే సరిపోతుంది. దాని వెనక ప్లేటు అక్కర్లేదు, ఎందుకంటే ప్లేటు కూడా ఆ మాట లోపలే ఉంది. నాది అంటే నా ప్లేటు అనే.

ఇంగ్లిష్‌లోనూ ఇంతే. నా అంటే మై, నాది అంటే మైన్.

దిస్ ఈజ్ మై ప్లేట్. ఇది నా ప్లేటు.
దిస్ ప్లేట్ ఈజ్ మైన్. ఈ ప్లేటు నాది.

మొదటి దాన్ని పొసెసివ్ అడ్జెక్టివ్ అంటారు. అది విశేషణం లెక్క వస్తువు పేరు ముందు నిలబడుతుంది. రెండోది పొసెసివ్ ప్రొనౌన్, అంటే సర్వనామం. వస్తువు పేరుకు బదులుగా వస్తుంది. పరీక్షలో ఈ పేర్లు అడిగితే రాయండి. మాట్లాడేటప్పుడు వాటిని ఎవరూ తలుచుకోరు, మీరూ తలుచుకోవద్దు. "నా యొక్క ప్లేటు" అని కూడా రాయొద్దు. మీ ఇంట్లో ఎవరన్నా అట్ల అంటారా?

ఏది వాడాలో తోచకపోతే ఒక పని చేయండి. ఆ మాట వెనక ఉన్నదాన్ని బొటనవేలితో మూసి, కింద ఏముందో చూడండి. వస్తువు పేరో, మనిషి పేరో ఉంటే మై. ఏమీ లేకపోయినా, ఈజ్, ఆర్ లాంటిది ఉన్నా మైన్. "మై న్యూ బ్యాగ్" దగ్గర మాత్రం కొందరు తికమక పడతారు. మై పక్కన న్యూ ఉంది, న్యూ వస్తువు కాదు కదా అంటారు. ఇంకొంచెం ముందుకు పోండి, బ్యాగు అక్కడే ఉంది.

మైన్ వాక్యం మొదట్లో కూడా వస్తుంది. "యువర్ బ్యాగ్ ఈజ్ న్యూ. మైన్ ఈజ్ ఓల్డ్." నీ బ్యాగు కొత్తది, నాది పాతది. బ్యాగు, బ్యాగు అని రెండుసార్లు అనకుండా తప్పించుకోవడానికే ఈ మాట. (బొగ్గు గనిని కూడా మైన్ అనే అంటారు, స్పెల్లింగ్ కూడా అదే: ఎం, ఐ, ఎన్, ఈ. సింగరేణి గురించి చదివేటప్పుడు "నాది" అనుకోకండి.)

మన దిక్కు "నాది పెన్సిలు పోయింది సారు" అనడం అలవాటు. మనకు అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ దిద్దరు. కానీ అదే ఇంగ్లిష్‌లో పెట్టి "మైన్ పెన్సిల్" అని రాస్తే తప్పు. మై పెన్సిల్ అనాలి.

మిగతా జతలు కూడా చూద్దాం. నీ, నీది అంటే యువర్, యువర్స్. మీ, మీది అన్నా అవే, ఎందుకంటే ఇంగ్లిష్‌లో నువ్వుకూ మీరుకూ తేడా లేదు. హెడ్‌మాస్టర్ సారుకైనా, మీ తమ్మునికైనా యువర్ ఒకటే. వాళ్ల, వాళ్లది అంటే దెయిర్, దెయిర్స్. ఆమె, ఆమెది అంటే హర్, హర్స్. ఇవన్నీ చివర "స్" చేర్చుకుంటున్నాయి కదా? మైన్ ఒక్కటే వేరే దారి పట్టింది. అతని, అతనిది అనడానికి మాత్రం రెండు చోట్లా హిజ్. "హిజ్ సైకిల్" అన్నా, "ది సైకిల్ ఈజ్ హిజ్" అన్నా మాట మారదు.

ఆడపిల్ల గురించి రాసేటప్పుడు జాగ్రత్త. మనం చెల్లె గురించి చెప్పేటప్పుడు "దాని పుస్తకం" అంటాం, కుక్క గురించి చెప్పేటప్పుడూ "దాని తోక" అంటాం. ఇంగ్లిష్‌లో ఈ రెండూ వేరు. చెల్లె పుస్తకం హర్ బుక్, కుక్క తోక ఇట్స్ టెయిల్. చెల్లె పుస్తకాన్ని ఇట్స్ బుక్ అని రాస్తే చెల్లెను వస్తువును చేసినట్టే. ఇంకోటి, హర్ రావాలా హిజ్ రావాలా అన్నది వస్తువు ఎవరిదో దాన్నిబట్టే. లక్ష్మి తమ్ముడు మగపిల్లోడే అయినా హర్ బ్రదర్, ఎందుకంటే అతను లక్ష్మి తమ్ముడు.

ఇప్పుడు మా, మన. మహబూబ్‌నగర్ పిల్ల నల్లగొండ పిల్లతో "పిల్లలమర్రి మా జిల్లాల ఉంది" అంటుంది. అవతలి పిల్లది వేరే జిల్లా కాబట్టి మా. అదే పిల్ల "కృష్ణ మన నది" అంటుంది. కృష్ణ ఉమ్మడి పాలమూరును దాటి నాగార్జునసాగర్‌కే పోతుంది, ఇద్దరిదీ అవుతుంది. ఇంత చక్కటి తేడా ఇంగ్లిష్‌లో లేదు. రెండింటికీ అవర్, విడిగా నిలబడితే అవర్స్. "అవర్ రివర్", "ది రివర్ ఈజ్ అవర్స్."

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఇంట్లో ఒక్కడే కొడుకైనా "మా అమ్మ" అంటాడు, "నా అమ్మ" అనడు. దాన్ని అట్లనే మార్చి "అవర్ మదర్" అని రాస్తే, పక్కన అన్నదమ్ములు కూడా ఉన్నారనుకుంటారు. ఒక్కరే మాట్లాడుతుంటే మై మదర్, మై విలేజ్, మై స్కూల్.

తెలుగులో వస్తువులు ఎక్కువైతే నాది కాస్తా నావి అవుతుంది. మనం "గీ బత్తాయిలు నాయి" అంటాం. మైన్ మాత్రం ఒక్కటికైనా, బస్తాడుకైనా మారదు. మారేది దాని ముందున్నదే: "దిస్ బత్తాయి ఈజ్ మైన్", "దీజ్ బత్తాయిస్ ఆర్ మైన్."

రాసేటప్పుడు యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్‌లలో ఎస్ ముందు, పైన ఆ చిన్న కామా పెట్టొద్దు. కుక్క తోకకు రాసే ఇట్స్‌లోనూ వద్దు. అది పెడితే ఇట్ ఈజ్ అయిపోతుంది, "ఇట్స్ మైన్" అన్నప్పుడు మాత్రమే అది కావాలి. మనుషుల పేర్లకైతే కామా ఉంటుంది, పైగా రెండు చోట్లా ఒకటే మాట: "రాజూస్ బ్యాట్", "ది బ్యాట్ ఈజ్ రాజూస్."

ఇవి ఇంగ్లిష్‌లో చెప్పండి. ముందు నోటితో, తర్వాత నోటుబుక్కులో.

ఈ గొడుగు ఆమెది.
మా ఊరు చిన్నది. మీది పెద్దది. (చెప్పేది ఒక్కరే.)
ఆ మేకలు వాళ్లవి.
ఇది నా కొత్త పలక, అది నీది.

జవాబులు: దిస్ అంబ్రెల్లా ఈజ్ హర్స్. మై విలేజ్ ఈజ్ స్మాల్, యువర్స్ ఈజ్ బిగ్. దోజ్ గోట్స్ ఆర్ దెయిర్స్. దిస్ ఈజ్ మై న్యూ స్లేట్, దట్ ఈజ్ యువర్స్. రెండోదాంట్లో అవర్ విలేజ్ అని రాసినవాళ్లు "మా అమ్మ" దగ్గరికి వెనక్కి పోయి మళ్లీ చదవండి.