"నాకేం లేదు" అనేవాళ్లే ముందు రండి

అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. నేను మీ గల్లీల్లో రోజూ తిరిగే ఆశా వర్కర్‌నే. ఇవాళ ఇక్కడ బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షల క్యాంపు ఉంది. డాక్టరమ్మ ఘట్‌కేసర్ దాటారంట, వచ్చేలోపు నాలుగు ముక్కలు చెప్తాను.

నిన్న ఇంటింటికీ తిరిగితే సగం మంది ఒకటే మాట: "నాకేం లేదమ్మా, మా అత్తను పంపిస్తా." అత్తను పంపండి, మంచిదే. మీరు కూడా రండి. 30 ఏళ్లు దాటినవాళ్లంతా రావాలి. బీపీ ఉంటే తల తిరుగుతుందని, తల నొస్తుందని అనుకుంటారు గానీ చాలామందికి ఏమీ అనిపించదు. ఏమీ అనిపించకుండానే గుండె, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటాయి. షుగర్ కూడా మొదట్లో అంతే. పై బీపీ 140 గానీ, కింద 90 గానీ దాటితే డాక్టరమ్మ మళ్లీ చూస్తారు. ఒక్కసారి ఎక్కువ చూపించిందని టెన్షన్ పడొద్దు. చాయ్ తాగి, బీడీ కాల్చి, ఉరికొచ్చి కూర్చుంటే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూపించుకోండి.

ముందే గోళీలు వాడుతున్నవాళ్లు, "నార్మల్ వచ్చింది" అని మానేసినవాళ్లు కూడా రండి. నార్మల్ వచ్చింది ఆ గోళీల వల్లే కదా!

ఆటో అన్నలూ, గుట్కా, జర్దా నమిలే అందరూ, కొంచెం ఇటు వినండి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా, ఇప్పుడే చూసుకోండి. పట్టకపోతే, నోట్లో తెల్లమచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ఇవాళ తప్పకుండా చూపించండి. నోటి క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకుంటే నయం చేయొచ్చు. ముదిరాక ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానాకు పోయినా వైద్యం కష్టమవుతుంది.

అక్కలకు ఒక మాట. సిగ్గు పడొద్దు. ఆడవాళ్లకు పరదా కట్టిన గది వేరే ఉంది, లోపల నర్సమ్మే ఉంటారు. రొమ్ములో గడ్డ నొప్పి లేదు కదా అని వదిలేయొద్దు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలి. గర్భసంచి ముఖద్వారానికి పలచటి వెనిగర్ లాంటి మందు రాసి, తెల్లగా మారుతుందా అని చూస్తారు. కోత లేదు, సూది లేదు, నిమిషాల్లో అయిపోతుంది.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇంట్లో దాచకండి. తెమడ పరీక్ష, టీబీ మందులు సర్కారు దవాఖానాలో ఉచితమే. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం లాంటివి ఉంటే మాత్రం ఈ క్యాంపులో లైన్ కట్టొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

వాడుతున్న గోళీల చీటీ, పాత రిపోర్టులు తెచ్చుకోండి. టోకెన్లు ఆ మర్రిచెట్టు కింద టేబుల్ దగ్గర ఇస్తున్నారు. కూలికి పోయేవాళ్లను ముందు పంపిస్తాం, మిగతావాళ్లు తోసుకోకండి.