ఐదింటికి వచ్చినవాళ్ళ కూలి

అందరికీ వందనాలు. నిన్న గురువారం క్లాసులో సరిగ్గా కృప దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది, పైగా వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ పిన్ని అడిగినదానికి నేను హడావిడిలో ఏదో సర్దిచెప్పి పంపేశాను. రాత్రంతా అదే మనసులో మెదిలింది, అందుకే రాస్తున్నాను. వచ్చే నెల బాప్తిస్మం తీసుకునే ఏడుగురూ చదవండి. చదవడం రానివాళ్ళకి పిల్లలచేత చదివించండి.

పిన్ని అడిగింది ఇదీ: "షుగర్ మాత్ర వేసుకోవాలని శుక్రవారం ఉపవాసం మధ్యలో రెండు ఇడ్లీ తినేశానమ్మా, ఆ రాత్రే మనవడికి జ్వరం తగిలింది. దేవుడికి కోపమొచ్చిందంటావా?"

రాలేదు పిన్నీ. మాత్ర మాత్రం మానొద్దు, అది ముందు చెప్పాలి.

ఆ భయం నాకు కొత్తేం కాదు, నేను నమ్ముకున్న మొదటి రెండేళ్ళూ అలాగే బతికాను. ప్రార్థనకు వెళ్ళిన రోజు పాలు విరక్కపోతే దేవుడు మెచ్చుకున్నాడని, వెళ్ళని రోజు బస్సు తప్పిపోతే శిక్షించాడని. ఇచ్చిపుచ్చుకునే లెక్క మన ఒంట్లో ఉంది, చర్చిలో అడుగు పెట్టినంత మాత్రాన పోదు. మొక్కుబడి పోయి దాని చోట్లో ఉపవాసం, కానుక వచ్చి కూర్చుంటాయి, అంతే.

ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం, 8, 9 వచనాలు తీయండి. కృపచేతనే రక్షింపబడ్డారు, ఇది మీవలన కలిగింది కాదు, "దేవుని వరమే" అంటాడు పౌలు. వరం అనగానే మనకేం గుర్తొస్తుంది? తపస్సు. ఒంటికాలి మీద ఏళ్ళకేళ్ళు నిలబడితే అప్పుడు ప్రత్యక్షమై "ఏం వరం కావాలో కోరుకో" అంటారు, చిన్నప్పటినుంచి విన్న కథలన్నీ అవే. పౌలు చెప్పే వరంలో తపస్సు లేదు. అడగడం మనకు తెలియకముందే, ఇంకా పాపంలో ఉండగానే, యేసు మనకోసం ప్రాణం పెట్టాడు. మనం చేసింది చేయి చాచి పుచ్చుకోవడం. ఆ చేయి చాచడమే విశ్వాసం. అందుకే ఎవడూ అతిశయపడ వీలులేదు అన్నాడు, చేయి చాచానని గొప్పలు ఎవరు చెప్పుకుంటారు?

ఇంకా అర్థం కాకపోతే మత్తయి 20. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే కూలీలను పెట్టుకున్నాడు, రోజుకో దేనారం అని మాట. తొమ్మిదింటికి కొందరిని, పన్నెండింటికి, మూడింటికి ఇంకొందరిని, ఆఖరికి సాయంత్రం ఐదింటికి ఎవరూ పిలవక నిలబడిపోయినవాళ్ళని కూడా. పొద్దుగూకాక అందరి చేతిలో ఒక్కో దేనారమే పెట్టాడు. నిన్న ఇది చెప్పగానే ముఠా కట్టి మిరప కోతలకు తీసుకెళ్ళే అక్క గట్టిగా నవ్వి, "అదేం న్యాయం, రేపు ఆ ఆసామి చేలోకి పొద్దున్నే ఎవరొస్తారు?" అంది. నాకు భలే నచ్చింది. కథలో తెల్లారి వచ్చినవాళ్ళు కూడా ఇలాగే సణిగారు. కానీ వాళ్ళకి మాట ఇచ్చిన కూలిలో పైసా తగ్గలేదు. యజమాని చూసింది ఎవరు ఎంత కోశారని కాదు, ఐదింటికి వచ్చినవాడి ఇంట్లో కూడా రాత్రికి పొయ్యి వెలగాలి కదా అనుకున్నాడేమో అని నాకనిపిస్తుంది. మనం ఆ కథ వినేటప్పుడు పొద్దున్నే వచ్చినవాళ్ళ పక్కన నిలబడతాం, అందుకే మంటగా ఉంటుంది. ఒక్కసారి ఐదింటివాళ్ళ పక్కన నిలబడి వినండి.

ఇక తమ్ముడు వెనక వరసలోంచి అడిగింది: "ఊరికే క్షమిస్తాడంటే ఇక ఎలా బతికినా పర్లేదా?" ఈ ప్రశ్న పౌలునీ అడిగారు, రోమీయులకు ఆరో అధ్యాయం మొదట్లో ఉంది, జవాబు కూడా సూటిగా ఉంది: "అట్లనరాదు". కృప అందుకున్నవాడు మారతాడు, మారాక కృప దొరకడం కాదు. ఆ వరస తిరగబడితే మళ్ళీ పిన్ని భయం దగ్గరికే వస్తాం. మత్తయి 18లో పదివేల తలాంతులు మాఫీ అయినవాడు బయటికి రాగానే నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ఒక్క తలాంతే కూలివాడికి ఏళ్ళ తరబడి కష్టం, అలాంటివి పదివేలు! అంత మాఫీ అయినా వాడికి ఏమీ తగల్లేదు. తమ్ముడూ, మీ బాబాయితో గట్టు తగాదా సంగతి నాకు తెలుసు, నిన్ను ఉద్దేశించి రాయలేదు, రాసినట్టే అనిపిస్తే సరే.

పిన్నీ, మనవడి జ్వరం తగ్గకపోతే డాక్టరుకి చూపించు, అందరం ప్రార్థిస్తాం, నువ్వు తిన్న ఇడ్లీకి దానికీ ముడి పెట్టకు.

వచ్చే గురువారం ఏడింటికి. లూకా 15 చదివి రండి. తప్పిపోయిన చిన్న కొడుకు మీద అందరూ మాట్లాడతారు, మీరు పెద్ద కొడుకుని చూడండి. విందు జరుగుతుంటే అలిగి బయటే నిలబడతాడు, తండ్రి వచ్చి బతిమాలతాడు. చివరికి లోపలికి వెళ్ళాడా లేదా వెతికి చెప్పండి.