పంటకు తెగులు తగిలింది, ఏ మందు కొట్టాలి?

ప్రశ్న

నమస్తే సార్. మా పంటకు తెగులు తగిలింది. రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఇప్పటికి రెండుసార్లు మందు కొట్టాం, తగ్గలేదు. ఫొటో పెట్టాను, చూసి ఏ మందు కొట్టాలో, ఎకరానికి ఎంత పడుతుందో చెప్పండి. రేపు పొద్దున్నే కొట్టాలని మనుషులను పిలిచాం. కొంచెం తొందరగా చెప్పండి సార్.

జవాబు

నమస్తే అండి. మీ ఫొటో మాకు అందలేదు. సందేశం ఒక్కటే వచ్చింది. అందులో పంట ఏదో, నాటి ఎన్నాళ్లయిందో, మొక్క మీద ఏం కనిపిస్తోందో లేదు. ఇవి తెలియకుండా మందు పేరు చెబితే మీ డబ్బూ పోతుంది, పంటా దక్కదు. అందుకే ఇప్పుడే ఏ మందూ చెప్పడం లేదు. ఈ సాయంత్రం వెలుతురు ఉండగా ఒక్కసారి పొలానికి వెళ్లి, కింద అడిగినవి చూసి రాయండి. రేపు పొద్దున కొట్టాలనుకున్నది సాయంత్రానికి మార్చుకోండి. ఏం తగిలిందో తెలియకుండా మూడోసారి కొట్టడం కన్నా ఒక పూట ఆగడం మేలు.

మీరు రాసినదాంట్లో మాకు బాగా పనికొచ్చే మాట ఒకటి ఉంది: రెండుసార్లు కొట్టినా తగ్గలేదని. ఏ మందులు కొట్టారు? డబ్బా, ప్యాకెట్టు పారేయకపోతే వాటి మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు రాయండి, కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే చాలదు. ట్యాంకుకు ఎంత కలిపారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారా, కొట్టాక ఎంతసేపటికి వాన పడింది, ఇవీ కావాలి. తగ్గకపోవడానికి చాలాసార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది. ట్రైసైక్లజోల్ వరిలో అగ్గితెగులుకు మంచి మందు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు మీద మాత్రం పనిచేయదు. మెటలాక్సిల్ బూజు తెగులుకు పనికొస్తుంది, బూడిద తెగులుకు కాదు. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు, దాన్ని మోసుకొచ్చే దోమనో పేనునో అదుపు చేయగలం, అంతే.

ఇంకో సంగతి. మచ్చ పడిన ఆకు మందు కొట్టినా మళ్లీ పచ్చబడదు. కాబట్టి తగ్గిందో లేదో పాత ఆకుల్ని చూసి తేల్చుకోకండి. మందు కొట్టాక వచ్చిన కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాయా? ఉంటే మందు పనిచేసినట్టే, మూడోసారి అక్కర్లేకపోవచ్చు.

ముందు పంట పేరు, రకం, విత్తి లేదా నాటి ఎన్ని రోజులైందో రాయండి. వయసు ఎందుకంటే, వరి నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి దుబ్బు ఎదగకపోతే మొదట జింకు లోపాన్ని అనుమానిస్తాం. అదే వరి పిలకల దశలో మొవ్వు ఎండి, లాగితే ఊడి వస్తే అది కాండం తొలుచు పురుగు పని. ఈనాక అయితే అదే పురుగు వల్ల తెల్ల కంకులు వస్తాయి, అప్పటికి మందు కొట్టి ప్రయోజనం ఉండదు.

తర్వాత పొలం గట్టు మీద నిలబడి మొత్తం చూడండి. అక్కడక్కడా గుండ్రంగా మచ్చలుగా మొదలై పెరుగుతోందా? నీళ్లు నిలిచే పల్లంలోనే ఉందా? ఒక అంచు నుంచి లోపలికి వస్తోందా? లేక ఒకే రోజున చేను మొత్తం ఒకేలా మారిందా? తెగులు సాధారణంగా కొన్ని మొక్కల్లో మొదలై పాకుతుంది. పిచికారి చేసిన ఒకటి రెండు రోజుల్లో చేనంతా ఒకేలా మాడితే అది మందు దెబ్బ కావచ్చు. కలుపు మందు కొట్టిన ట్యాంకునే సరిగా కడగకుండా వాడారా, పక్క చేలో కలుపు మందు కొడితే గాలికి ఇటు వచ్చిందా, ఇది దాచకుండా చెప్పండి.

ఆ తర్వాత ఒక మొక్క దగ్గర కూర్చోండి. పసుపు రంగు కింది ముదురు ఆకుల్లో మొదలైందా, పై లేత ఆకుల్లోనా? నత్రజని లోపం కింది నుంచి, ఇనుము లోపం పై నుంచి మొదలవుతాయి. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ ఒకే మందు పనిచేస్తుందనుకోకండి. ఆకు అడుగు భాగం తప్పకుండా చూడండి. సగం పురుగులు అక్కడే దాక్కుంటాయి. జిగురుగా ఉన్నా, బూజు ఉన్నా రాయండి.

మొక్క వాడిపోతుంటే మొదలు దగ్గర మట్టి తీసి చూడండి. తెల్లని దారాల్లాంటి బూజు, ఆవగింజల్లాంటి గింజలు కనిపిస్తే అది మొదలుకుళ్ళు. ఒక మొక్కను లాగకుండా పారతో మట్టితో సహా తవ్వి తీయండి, లాగితే సన్న వేర్లు నేలలోనే తెగిపోతాయి. వేర్ల మీద బుడిపెలు ఉంటే నులిపురుగులు. వంగ, టమాట, మిరప అయితే నేల దగ్గర కాండం కోసి, కోసిన కొసను గ్లాసులోని తేట నీళ్లలో ముంచి కదపకుండా ఐదు నిమిషాలు పట్టుకోండి. పాల దారలా కిందికి జారితే బ్యాక్టీరియా ఎండు తెగులు. అలాంటి మొక్కను వేరుతో సహా తీసేయాలి, దాని పక్క నుంచి నీళ్లు మిగతా చేలోకి పోకుండా చూడాలి.

ఫొటోలు నాలుగు చాలు: చేను మొత్తం, ఒక పూర్తి మొక్క, ఆకు పైనా కిందా, వేరూ కాండమూ. ఆకును అరచేతిలో పెట్టి పక్కన నాణెం ఉంచితే మచ్చ సైజు తెలుస్తుంది. ఎండ పడకుండా మీ నీడలో తీయండి, ఫోన్ మరీ దగ్గరగా పెడితే మసకబారుతుంది. పూర్తిగా ఎండిన ఆకు కాక, సగం ఆరోగ్యంగా సగం తెగులుతో ఉన్న ఆకు తీయండి. సిగ్నల్ తక్కువైతే ఒక్కొక్కటీ పంపండి. ఫొటో మీద గుర్తు గుండ్రంగా తిరుగుతూ ఉందంటే ఇంకా వెళ్లలేదని అర్థం, వెళ్లే వరకు ఫోన్ మూయకండి. అసలు వెళ్లకపోతే మాటలతో రికార్డు చేసి పంపినా సరిపోతుంది.

అంతవరకు యూరియా చల్లకండి. నత్రజని ఎక్కువైతే చాలా తెగుళ్లూ, పీల్చే పురుగులూ పెరుగుతాయి. వరి కాని మెట్ట పంటైతే నిలిచిన నీళ్లు తీసేయండి. వ్యాధి ఉన్న మడిలో పనిచేశాక చేతులూ కత్తీ కడుక్కునే పక్క మడిలోకి వెళ్లండి. మచ్చల అంచున ఉన్న ఐదు మొక్కలకు గుడ్డ ముక్క కట్టి పెట్టండి, రెండు రోజుల తర్వాత వాటిని చూస్తే ఎంత వేగంగా పాకుతోందో తెలుస్తుంది.

జవాబు ఇలా రాస్తే మాకు చాలు: "మిరప, నాటి 45 రోజులు, పూత దశ. లేత ఆకులు పైకి ముడుచుకున్నాయి, తూర్పు గట్టు వైపు ఎక్కువ. కింద సన్నని పసుపు పురుగులు ఉన్నాయి. వారం క్రితం ఒకసారి, మూడు రోజుల క్రితం ఒకసారి మాంకోజెబ్ కొట్టాం." ఇంత తెలిస్తే మొదటి రెండుసార్లూ ఎందుకు తగ్గలేదో వెంటనే చెప్పగలం, ఎందుకంటే మాంకోజెబ్ శిలీంద్రాలకు, తామర పురుగులకు కాదు. మీ వివరాలు ఈ రాత్రికి అందితే మందు పేరు, ట్యాంకుకు ఎంతో రేపు మధ్యాహ్నంలోగా రాస్తాం.